పొడవైన వాక్యంలో కామా ఎక్కడ, సెమీకోలన్ ఎక్కడ, డ్యాష్ ఎక్కడ? (ఒక కరపత్రంతో వచ్చిన చిక్కు)

శైలజ_పార్వతీపురం
సోమవారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. మేము పది ఊళ్లలో తల్లులకు పంచడానికి విరేచనాల మీద ఒక కరపత్రం తయారుచేశాం. రాసింది నేనే. మీటింగుల్లో మా వాలంటీర్లు దాన్ని పైకి చదివి వినిపిస్తారు. అందులో ఈ ఒక్క వాక్యం దగ్గర అందరూ తడబడుతున్నారు:

"విరేచనాలు అవుతున్న పిల్లలకు తల్లిపాలు ఆపకుండా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి కొద్దికొద్దిగా తాగిస్తూ 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి రెండు నుంచి ఆరు నెలల లోపు పిల్లలకు 10 మిల్లీగ్రాములు ఆరు నెలలు దాటినవారికి 20 మిల్లీగ్రాముల జింక్ విరేచనాలు ఆగినా 14 రోజులు ఇవ్వాలి."

మొన్న ఒక అమ్మాయి "10 మిల్లీగ్రాములు ఆరు నెలలు దాటినవారికి" అని ఒకే ఊపిరిలో చదివేసింది. వెంటనే ఒక తల్లి "ఆరు నెలలు దాటితే పదా, ఇరవయ్యా?" అని అడిగింది. ఇంకొకామె "జింక్ విరేచనాలంటే ఏంటమ్మా" అంది. నాకు చాలా బాధేసింది, భయం కూడా వేసింది. డోసు విషయం కదా.

ఇంటికొచ్చి కామాలు పెట్టాను. చివరి భాగం ఇలా తయారైంది:

"రెండు నుంచి ఆరు నెలల లోపు పిల్లలకు, 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటినవారికి, 20 మిల్లీగ్రాముల, జింక్, విరేచనాలు ఆగినా, 14 రోజులు, ఇవ్వాలి."

ఇది ముందుకన్నా అధ్వానంగా ఉంది. ఎందుకు అధ్వానమైందో మాత్రం చెప్పలేకపోతున్నాను. సెమీకోలన్ పెట్టాలా, డ్యాష్ పెట్టాలా? గురువారం మళ్లీ మీటింగ్ ఉంది.

---

మాస్టారు_భీమవరం
సోమవారం, ఉదయం 9:50

అమ్మా శైలజా, నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను. పిల్లలకు ఎప్పుడూ ఒక కొలత చెప్పేవాణ్ణి. కామా దగ్గర ఒకటి లెక్కపెట్టేంత సేపు ఆగాలి, సెమీకోలన్ దగ్గర రెండు, వాక్యం చివర చుక్క దగ్గర మూడు. క్త్వార్థకం వచ్చిన ప్రతిచోటా, అంటే "కలిపి", "పారబోసి" లాంటి మాట తర్వాత, తప్పకుండా కామా ఉండాలి. ఇంకో సంగతి, కర్తకూ క్రియకూ మధ్య కామా పెట్టకూడదు. ఈ మూడూ పాటిస్తే నీ వాక్యం చక్కబడుతుంది.

---

డీటీపీ_భాస్కర్
సోమవారం, ఉదయం 10:05

మేడమ్, తెలుగులో సెమీకోలన్ రావడం లేదనేగా మీ ప్రాబ్లమ్? ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో సెమీకోలన్ కీ నొక్కితే "చ" పడుతుంది, షిఫ్ట్‌తో నొక్కితే "ఛ". అందుకే ఇంగ్లీషుకి మారి సెమీకోలన్ కొట్టి మళ్లీ తెలుగుకి రావాలి. పొడవు డ్యాష్ కావాలంటే విండోస్‌లో నంబర్ ప్యాడ్ మీద `Alt+0151`, దానికన్నా కాస్త పొట్టిదానికి `Alt+0150`. ఫోన్‌లో అయితే హైఫన్ గుర్తు మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే పొడవువి పైకి వస్తాయి.

---

శైలజ_పార్వతీపురం
సోమవారం, ఉదయం 10:20

భాస్కర్ గారూ, థాంక్స్ అండీ, `Alt+0151` నాకు తెలియదు. కానీ నా సందేహం టైప్ చేయడం గురించి కాదు. ఏ గుర్తు ఎక్కడ పెడితే చదివేవాళ్లు తప్పు చదవరన్నదే నా ప్రశ్న.

మాస్టారూ, మీరు చెప్పినట్టే "కలిపి" తర్వాత, "పారబోసి" తర్వాత పెట్టి చూశాను. అక్కడ ఇబ్బంది ముందు నుంచీ పెద్దగా లేదు. అసలు చిక్కు 10, 20 దగ్గర, జింక్ దగ్గర.

---

ప్రూఫ్_డెస్క్
సోమవారం, ఉదయం 11:40

శైలజ గారూ, నేను విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో చాలాకాలం ప్రూఫులు చూశాను. మీ ప్రశ్న మంచిది. ముందు మీ కామాలు ఎందుకు పనిచేయలేదో చూద్దాం.

మీ రెండో రూపంలో ఏడు కామాలున్నాయి, ఏడూ ఒకే ఎత్తులో ఉన్నాయి. "పిల్లలకు" అన్న మాట "10"తో జత. "దాటినవారికి" అన్న మాట "20"తో జత. ఆ జతల లోపల ఒక కామా, రెండు జతలకు మధ్య కూడా అదే కామా. అప్పుడు చదివేవాడికి ఏది ఏ జతలోదో కంటికి తెలియదు. 10 వెనక్కి వెళ్లాలో ముందుకు వెళ్లాలో వాడే తేల్చుకోవాలి. ఆ అమ్మాయి ముందుకు కలిపేసింది, ఆమె తప్పేం లేదు.

కాబట్టి ఇక్కడ కామాలు పెంచకూడదు, తగ్గించాలి. జత లోపల ఏమీ పెట్టకండి. జతల మధ్య మాత్రం కామాకన్నా బలమైన గుర్తు పెట్టండి:

"రెండు నుంచి ఆరు నెలల లోపు పిల్లలకు 10 మిల్లీగ్రాములు; ఆరు నెలలు దాటినవారికి 20 మిల్లీగ్రాములు"

తెలుగులో సెమీకోలన్‌కు నిజంగా పని దొరికే చోటు ఇలాంటిదే. ఇంగ్లీషువాళ్లు రెండు పూర్తి వాక్యాలను కలపడానికి దాన్ని తరచుగా వాడతారు. మనకు ఆ అవసరం తక్కువ, ఎందుకంటే "కలిపి", "తాగిస్తూ", "దాటితే", "ఆగినా" అంటూ క్రియ రూపమే మారి ఒకదాన్ని ఇంకొకదానికి ముడివేస్తుంది. "కలిపి" అన్నామంటే తర్వాత ఇంకో పని ఉందని మాటే చెబుతోంది. అక్కడ కామా పెడితే సాయం చేస్తుంది, పెట్టకపోయినా అర్థం చెడదు. అందుకే మాస్టారి రెండో నియమంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. "అన్నం తిని పడుకున్నాడు" అన్నదాంట్లో "తిని" తర్వాత కామా ఎవరూ పెట్టరు కదండీ.

క్రియ లేని చోట, అంటే జాబితాల్లో, ముడివేసే మాట ఉండదు. అక్కడ గుర్తులే దిక్కు. జాబితాలో ఒక్కో అంశం లోపల మళ్లీ చిన్న జాబితా ఉంటే కామా లోపలి పనిలో ఉంటుంది కాబట్టి బయటి పనికి సెమీకోలన్ రావాలి. పాఠ్యపుస్తకం ముందు పేజీల్లో అచ్చయ్యే రాజ్యాంగ పీఠిక గుర్తు తెచ్చుకోండి. అది మొత్తం ఒకే వాక్యం. "సాంఘిక, ఆర్థిక, రాజకీయ న్యాయాన్ని; ఆలోచన, భావప్రకటన, విశ్వాసం, ధర్మం, ఆరాధనలలో స్వాతంత్ర్యాన్ని" అంటూ నడుస్తుంది. ఆ సెమీకోలన్ తీసి కామా పెట్టి చదవండి. "న్యాయాన్ని, ఆలోచన, భావప్రకటన" అని మూడూ ఒకే వరుసలోకి వచ్చేస్తాయి. ఆలోచనను కూడా చేకూర్చుతారేమో అనిపిస్తుంది. "-ని" అన్న విభక్తి ఒక్కటే అంశం అక్కడ ముగిసిందని చెబుతోంది, కానీ అది కంటికి ఆనడానికి ఒక క్షణం పడుతుంది. సెమీకోలన్ ఆ క్షణాన్ని మిగిలిస్తుంది.

జింక్ సంగతి మధ్యాహ్నం రాస్తాను, కాస్త పనుంది.

---

న్యూస్‌రీడర్_లావణ్య
సోమవారం, మధ్యాహ్నం 12:30

నేను వార్తలు చదువుతాను. నా అనుభవంలో ఊపిరి ఎక్కడ తీసుకుంటామో అక్కడ కామా ఉండాలి, అంతే. స్క్రిప్ట్ చేతికి రాగానే నేనే పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటాను. శైలజ గారూ, మీరే ఒకసారి పైకి చదివి, ఆగిన చోటల్లా గుర్తు పెట్టండి.

---

ప్రూఫ్_డెస్క్
సోమవారం, మధ్యాహ్నం 2:15

లావణ్య గారూ, మీరు ఆగే చోటు సరైనదే అవుతుంది, ఎందుకంటే మీకు ముందే అర్థం తెలుసు. తెలియనివాళ్లు ఊపిరి అయిపోయిన చోట ఆగుతారు. ఈ వాక్యం చూడండి:

"సీత నవ్వుతూ వెళ్తున్న రాముణ్ణి చూసింది."

నవ్వుతున్నది ఎవరు? ఊపిరికి ఇది చిన్న వాక్యం, ఎక్కడా ఆగక్కర్లేదు. కానీ అర్థాలు రెండున్నాయి.

"సీత నవ్వుతూ, వెళ్తున్న రాముణ్ణి చూసింది." ఇక్కడ నవ్వు సీతది.
"సీత, నవ్వుతూ వెళ్తున్న రాముణ్ణి చూసింది." ఇక్కడ నవ్వు రాముడిది.

తెలుగులో కామా చేసే అసలు పని ఇదని నా నమ్మకం. ఏ మాట ఏ క్రియకు చెందుతుందో అది చెబుతుంది. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది, దానికి చెందిన మాటలు ఎక్కడో ముందు ఉంటాయి. మధ్యలో ఇంకో క్రియ దూరితే అది దగ్గర్లో ఉన్న మాటను లాగేసుకుంటుంది. అలా లాగకుండా కామా అడ్డం నిలబడుతుంది.

రెండో వాక్యంలో కర్త తర్వాతే కామా పెట్టాను, గమనించారా మాస్టారూ? కర్తకూ క్రియకూ మధ్య కామా కూడదన్నది ఇంగ్లీషు వ్యాకరణంలో బాగా చెప్పే మాట. వాళ్లకు కర్త పక్కనే క్రియ ఉంటుంది. మనకు "సీత"కూ "చూసింది"కీ మధ్య ఎంతైనా రావచ్చు. ఎంత ఎక్కువ వస్తే ఆ కామా అంత అవసరం.

---

మాస్టారు_భీమవరం
సోమవారం, మధ్యాహ్నం 3:05

సీత ఉదాహరణ బాగుంది, ఒప్పుకుంటున్నాను. కర్త విషయంలో నా నియమాన్ని సవరించుకుంటాను. కానీ చిన్న క్లాసు పిల్లలకు "ఏ క్రియకు చెందుతుందో చూసి పెట్టు" అంటే అర్థం కాదు. "ఒకటి లెక్కపెట్టు" అంటే అర్థమవుతుంది. చదవడం నేర్చుకునేటప్పుడు లెక్క పనికొస్తుంది, రాయడం నేర్చుకునేటప్పుడు పనికిరాదని మీరంటే ఆలోచిస్తాను.

---

హిందీ_నుంచి_తెలుగు
సోమవారం, సాయంత్రం 4:40

కామా ఒక్కటి మారితే ప్రాణం పోతుందనడానికి హిందీలో పాత ఉదాహరణ ఉంది కదా, "రోకో మత్ జానే దో". "రోకో" తర్వాత కామా పెడితే ఆపండి, వెళ్లనివ్వకండి. "మత్" తర్వాత పెడితే ఆపకండి, వెళ్లనివ్వండి. తెలుగులో కూడా "ఆపకండి వెళ్లనివ్వండి" అని రాసి కామా ఎక్కడ పెట్టాలో జాగ్రత్తగా చూడాలి.

---

ప్రూఫ్_డెస్క్
సోమవారం, సాయంత్రం 5:10

హిందీ ఉదాహరణ నిజమే, కానీ తెలుగులోకి తెచ్చేసరికి ఆ చిక్కు మాయమైపోయింది. మీరే రాసినదాన్ని చూడండి. "ఆపకండి"లో వద్దన్న అర్థం క్రియ లోపలే ఉంది, దాన్ని ఊడదీసి పక్క మాటకు అంటించలేం. హిందీలో "మత్" విడి మాట, అందుకే అటూ ఇటూ దూకుతుంది. ఒక భాషలో గుర్తు కాపాడేదాన్ని ఇంకో భాషలో ప్రత్యయం కాపాడుతుంది.

మనకు దూకే మాటలు వేరే ఉన్నాయి. "రేపు", "నిన్న", "నవ్వుతూ", "ఆపకుండా" లాంటివి. "రేపు వస్తానని చెప్పమన్నాడు" అంటే వచ్చేది రేపా, చెప్పేది రేపా? "రేపు, వస్తానని చెప్పమన్నాడు" అంటే చెప్పేది రేపు. మొదటి అర్థం కావాలంటే మాత్రం కామాతో పని కాదు, "రేపు వస్తానని, తనే చెప్పమన్నాడు" అనో ఇంకోలాగో వాక్యం తిరగరాయాలి.

శైలజ గారి జింక్ దగ్గరికి వస్తాను. "20 మిల్లీగ్రాముల జింక్ విరేచనాలు ఆగినా" అన్నప్పుడు రెండు నామవాచకాలు పక్కపక్కన పడ్డాయి. తెలుగులో రెండు నామవాచకాలు అలా పడితే మన మెదడు వాటిని సమాసంగా కలిపేస్తుంది. రక్త విరేచనాలు, నీళ్ల విరేచనాలు అన్నట్టే జింక్ విరేచనాలు. ఆ తల్లి విన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇక్కడ "విరేచనాలు ఆగినా" అన్నది మధ్యలో అడ్డం వచ్చిన మాట. దాన్ని తీసేసినా "జింక్ 14 రోజులు ఇవ్వాలి" అని వాక్యం నిలబడుతుంది. అలా తీసేయగలిగినదానికి రెండు వైపులా డ్యాష్ పెట్టొచ్చు:

"జింక్ — విరేచనాలు ముందే ఆగిపోయినా సరే — 14 రోజులు ఇవ్వాలి."

కామాలు పెట్టినా వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. కానీ చుట్టూ ఇప్పటికే కామాలున్నాయి, ఈ రెండూ వాటిలో కలిసిపోతాయి. పైగా తల్లులు సరిగ్గా ఇక్కడే పొరపాటు చేస్తారనుకుంటాను, విరేచనాలు ఆగగానే మాత్ర ఆపేస్తారు. ఆ మాట కాస్త ఎత్తి చూపించడం మంచిదే.

---

శైలజ_పార్వతీపురం
సోమవారం, సాయంత్రం 5:35

అవునండీ, నూటికి నూరుపాళ్లు అక్కడే ఆపేస్తారు. మూడో రోజుకి పిల్లాడు ఆడుకుంటుంటే ఇంకా మాత్రెందుకు అంటారు.

---

డీటీపీ_భాస్కర్
సోమవారం, రాత్రి 8:20

ఇందాక ప్రశ్న తప్పుగా అర్థం చేసుకున్నాను, సారీ మేడమ్. కానీ ఇప్పుడు నా కీబోర్డు గోల నిజంగా పనికొస్తుంది. డ్యాష్ అనగానే చాలామంది హైఫన్ కొడతారు, అదీ స్పేస్ లేకుండా. అప్పుడు మీ వాక్యం "జింక్-విరేచనాలు" అవుతుంది! హైఫన్ పని రెండు మాటల్ని కలపడం. మీరు విడదీయాలనుకున్నవి ఇంకా గట్టిగా అతుక్కుంటాయి. పొడవు డ్యాష్ దొరక్కపోతే కనీసం హైఫన్‌కి రెండు వైపులా స్పేస్ ఇవ్వండి.

ఇంకోటి. "2-6 నెలలు" అని హైఫన్‌తో రాయకండి, మీరు "రెండు నుంచి ఆరు" అని అక్షరాల్లో రాసింది చాలా మంచిపని. మా షాపులో ఒక క్లినిక్ కార్డు వేశాం, "10-14 రోజులు" అన్నది లైను చివర విరిగి "10-" పైన, "14 రోజులు" కింద పడ్డాయి. ప్రింటయ్యాక చూసుకున్నాం. అన్నీ తీసేసి మళ్లీ వేయాల్సొచ్చింది.

కామా ముందు స్పేస్ ఇచ్చేవాళ్లకు కూడా ఇదే జరుగుతుంది. లైను నిండగానే కామా ఒక్కటే కింద లైను మొదట్లో కూర్చుంటుంది.

---

హ్యూస్టన్_కిరణ్
మంగళవారం, ఉదయం 6:15

నేను ఇక్కడ కాంట్రాక్టు పత్రాలతో పనిచేస్తాను, కాబట్టి సెమీకోలన్ మాట రాగానే ఆగలేకపోయాను. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ కేసు ఉంది. ఓవర్‌టైమ్ ఇవ్వనక్కర్లేని పనుల జాబితా అక్కడి చట్టంలో ఉండేది. నిల్వచేయడం, ఆ తర్వాత "రవాణా లేదా పంపిణీ కోసం ప్యాక్ చేయడం" అనే అర్థం వచ్చే చివరి ముక్క. పంపిణీ అన్న మాటకు ముందు కామా లేదు. పంపిణీ విడి పనా, లేక ప్యాకింగ్ దేనికోసమో చెప్పే మాటా? పాలు పంపిణీచేసే డ్రైవర్లు, ప్యాకింగ్‌కే మినహాయింపు, మా పనికి కాదు అని వాదించారు. 2017లో అప్పీలు కోర్టు చట్టం స్పష్టంగా లేదంటూ డ్రైవర్ల వైపు నిలిచింది. 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. తర్వాత ఆ చట్టాన్ని సవరించినప్పుడు పనులన్నిటి మధ్యా సెమీకోలన్లు పెట్టారు.

నాకు ఆసక్తి కలిగించింది ఏంటంటే, ఆ వాక్యాన్ని తెలుగులో రాయబోతే ఆ సందేహం అలాగే నిలవదు. "రవాణాకో పంపిణీకో సరుకు ప్యాక్ చేయడం" అనాలి, లేదంటే "రవాణా కోసం ప్యాక్ చేయడం, పంపిణీ చేయడం" అనాలి. రెండిట్లో ఒకటి ఎంచుకోక తప్పదు. "-కో" వచ్చిందా, "చేయడం" వచ్చిందా అన్నదే తీర్పు చెప్పేస్తుంది.

---

మాస్టారు_భీమవరం
మంగళవారం, ఉదయం 7:40

కిరణ్ బాబూ, ఇది క్లాసులో చెప్పాల్సిన ఉదాహరణ. విభక్తి మన భాషలో సగం కామాల పని చేస్తోందన్నమాట.

ప్రూఫ్‌డెస్క్ గారూ, ఒక మనవి. ఇవన్నీ సరే, కానీ ఆ కరపత్రం చదివేది ఎవరు? పదో తరగతి చదివిన అమ్మాయిలు. సెమీకోలన్ చూసి వాళ్లు ఏం చేస్తారు? మా స్కూల్లో పదో తరగతి పిల్లలే దాన్ని కామా అనుకుని చదివేవాళ్లు, కొందరు చుక్క అనుకునేవాళ్లు. నేనే రెండు లెక్కపెట్టమని నేర్పాను, అయినా మర్చిపోయేవారు.

---

ప్రూఫ్_డెస్క్
మంగళవారం, ఉదయం 9:00

అది గట్టి ప్రశ్నే మాస్టారూ. ఒక ఊరట ఉంది. ఆ సెమీకోలన్‌ను చుక్క అనుకుని ఆగినా డోసు మారదు, కామా అనుకుని కాస్తే ఆగినా మారదు. జత లోపల గుర్తేమీ లేదు కాబట్టి ఆగాల్సిన చోటు అదొక్కటే. అసలు ప్రమాదం ఆగకపోవడంలో ఉంది. అలాగని రెండు లైన్లుగా విడగొట్టడం ఇంకా మంచిదంటే నేను కాదనను.

శైలజ గారూ, ఇప్పుడు మొదటి సగం కూడా చూశాను. మనందరం గుర్తుల గొడవలో పడి అసలు పెద్ద తప్పు వదిలేశాం. "ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో" అన్నారు. దీన్ని "ఒక లీటరు నీళ్లు కాచి, చల్లార్చి" అని చదవచ్చు. లీటరు కొలిచి పొయ్యి మీద పెడితే, చల్లారేసరికి లీటరు ఉండదు, కొంత ఆవిరైపోతుంది. ప్యాకెట్ మొత్తం అందులో వేస్తే ద్రావణం చిక్కబడుతుంది. మీరు చెప్పాలనుకున్నది, చల్లారాక కొలిస్తే లీటరు ఉండాలని. అవునా?

---

శైలజ_పార్వతీపురం
మంగళవారం, ఉదయం 9:25

అవును! కాచాకే కొలవాలి, ట్రైనింగ్‌లో కూడా అదే చెప్పారు. నేను రాసింది అలా చదవొచ్చని ఒక్కసారి కూడా తోచలేదు. "ఒక లీటరు" తర్వాత కామా పెడితే సరిపోతుందా?

---

ప్రూఫ్_డెస్క్
మంగళవారం, ఉదయం 10:10

పెట్టొచ్చు. "ఒక లీటరు, కాచి చల్లార్చిన నీళ్లలో" అని. కానీ ఆ కామా ఎందుకుందో ఎవరూ పట్టించుకోరు. పైకి చదివితే వినపడదు కూడా. కామాతో కష్టపడుతున్నామంటే చాలాసార్లు మాట తప్పు చోట ఉందని అర్థం. "లీటరు"ను తీసుకెళ్లి నీళ్ల పక్కన పెట్టండి:

"కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్లలో"

ఇక గుర్తుతో పనే లేదు. "కొత్త ఇంటి యజమాని" అన్నప్పుడు కొత్తది ఇల్లా, యజమానా అని అడిగితే కూడా ఇదే జవాబు. "కొత్త, ఇంటి యజమాని" అని రాసేకన్నా "ఇంటి కొత్త యజమాని" అంటే అయిపోతుంది.

ఇంకో చిన్న విషయం. మీ వాక్యంలో "10 మిల్లీగ్రాములు" అని ఉంది, "20 మిల్లీగ్రాముల" అని ఉంది. రెండోది జింక్‌తో ముడిపడింది, మొదటిది గాల్లో ఉంది. అందుకే 10 ఏ మందో తెలియలేదు. జింక్‌ను ముందుకు తెచ్చి, డోసులను చివరికి పంపండి. నేనైతే మొత్తం ఇలా రాస్తాను:

"విరేచనాలు అవుతున్న పిల్లలకు తల్లిపాలు ఆపకుండా, కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి, కొద్దికొద్దిగా తాగించాలి. 24 గంటలు దాటితే మిగిలింది పారబోయాలి. జింక్ — విరేచనాలు ముందే ఆగిపోయినా సరే — రోజుకు ఒకసారి చొప్పున 14 రోజులు ఇవ్వాలి: రెండు నుంచి ఆరు నెలల లోపు పిల్లలకు 10 మిల్లీగ్రాములు; ఆరు నెలలు దాటినవారికి 20 మిల్లీగ్రాములు."

మొదటి వాక్యంలో రెండే కామాలు. "ఆపకుండా" తర్వాతది తప్పనిసరి, లేకపోతే "ఆపకుండా కాచి" అని కలిసిపోతుంది. "కలిపి" తర్వాతది మాస్టారి కోసం. అంటే వాక్యం పొడవుగా ఉంది కాబట్టి చదివేవాళ్లకు అక్కడ ఊపిరి తీసుకునే చోటు కూడా అవుతుంది. ఈ ఒక్కచోట లావణ్య గారి మాట, మాస్టారి మాట, నా మాట కలిశాయి.

---

న్యూస్‌రీడర్_లావణ్య
మంగళవారం, మధ్యాహ్నం 1:20

సీత వాక్యం దగ్గర మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ డ్యాష్ గురించి నాకో అనుమానం. నేను స్క్రిప్టులో డ్యాష్ చూస్తే గొంతు కొద్దిగా దించి మధ్య మాట చెప్పి మళ్లీ ఎత్తుతాను. అలవాటు లేనివాళ్లు మొదటి డ్యాష్ దగ్గర వాక్యం అయిపోయిందనుకుంటారు. "జింక్." అని ఆగిపోయి, "విరేచనాలు ముందే ఆగిపోయినా సరే" అని కొత్తగా మొదలుపెడతారు. మధ్య మాటను ముందుకు తెస్తే? "విరేచనాలు ముందే ఆగిపోయినా సరే, జింక్ 14 రోజులు ఇవ్వాలి." ఒక్క కామాతో పోతుంది.

---

ప్రూఫ్_డెస్క్
మంగళవారం, మధ్యాహ్నం 2:00

చెవికి మీదే బాగుంది. ఒక్క అభ్యంతరం. వాక్యం "విరేచనాలు"తో మొదలైతే, ముందు వాక్యంలోని ఓఆర్‌ఎస్ గురించే ఇంకా చెబుతున్నారనుకుంటారు. "జింక్" ముందు వస్తే కొత్త మందు మొదలైందని తెలుస్తుంది. కంటితో చదివేవాళ్లకు నాది, చెవితో వినేవాళ్లకు మీది అనిపిస్తోంది. కరపత్రం రెండు పనులూ చేయాలి కదా, అక్కడే నాకూ తేలడం లేదు.

---

శైలజ_పార్వతీపురం
గురువారం, రాత్రి 9:05

మీటింగ్ అయింది. రెండు రూపాలూ ప్రింట్ తీసుకెళ్లాను. ప్రూఫ్‌డెస్క్ గారిది ముగ్గురు, లావణ్య గారిది ముగ్గురు చదివారు. మొదటి భాగం, డోసులు రెండిట్లోనూ ఒకటే.

డోసుల దగ్గర ఆరుగురిలో ఒక్కరు కూడా తడబడలేదు. తర్వాత ఇద్దరిని అడిగాను, ఆ గుర్తు పేరేంటని. ఒకమ్మాయి "కామా మీద చుక్క" అంది, ఇంకొకామెకు తెలియదు. కానీ ఇద్దరూ అక్కడే ఆగారు. లీటరు విషయంలో ఒక తల్లి తనంతట తనే "అయితే కాచాక కొలవాలా" అని అడిగింది. నాకు అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి.

డ్యాష్ ఉన్నది చదివిన ముగ్గురిలో ఒకామె లావణ్య గారు చెప్పినట్టే "జింక్" దగ్గర ఆగిపోయి, కాగితం వైపు చూసి, మళ్లీ మొదలుపెట్టింది. మిగతా ఇద్దరు బాగానే చదివారు. లావణ్య గారి రూపంలో ఎవరూ ఆగలేదు, కానీ ఒక తల్లి "14 రోజులు ఓఆర్‌ఎస్ కూడానా" అని అడిగింది.

ఇప్పుడు "జింక్ మాత్ర:" అని విడిగా శీర్షిక పెట్టి, దాని కింద లావణ్య గారి వాక్యం రాద్దామనుకుంటున్నాను. శీర్షిక పక్కన కోలన్ పెట్టాలా వద్దా?

---

డీటీపీ_భాస్కర్
గురువారం, రాత్రి 9:40

పెట్టండి మేడమ్, కానీ కోలన్ బదులు విసర్గ పడకుండా చూసుకోండి. ఇన్‌స్క్రిప్ట్‌లో కోలన్ కూడా నేరుగా రాదు, అందుకే చాలామంది విసర్గ కొట్టేస్తారు. చిన్న అక్షరాల్లో తేడా తెలియదు, పెద్ద శీర్షికలో "మాత్రః" అని స్పష్టంగా కనిపిస్తుంది. ఫైల్ నాకు పంపితే ప్రింటుకి ముందు ఒకసారి చూసి పెడతాను.